ఎండలో పనికి చొక్కా ఎంచుకోవడం ఎలా: ముందు నేత, తర్వాతే రంగు

మా సర్వే టీమ్‌లో కొలత కర్ర పట్టుకుని నిలబడే కుర్రాడు ఒకడున్నాడు. ఒకరోజు సాయంత్రం పని అయ్యాక చొక్కా, బనియన్ విప్పి కుళాయి కింద ఒళ్లు కడుక్కుంటుంటే చూశాను. వీపు మీద బనియన్ ఆకారం అచ్చు గుద్దినట్టు కనిపిస్తోంది. బనియన్ కప్పిన చోట చర్మం ఒక రంగు. దాని పక్కనే, భుజాల చివర్ల మీద రెండు ఛాయలు నలుపు.

"మధ్యాహ్నాలు చొక్కా విప్పి తిరుగుతున్నావా ఏంటి?" అన్నాను.

"లేదన్నా, పొద్దున వేసుకుంటే మళ్లీ ఇప్పుడే విప్పడం."

నిజమే చెప్పాడు. ఎండ అతని చొక్కాలోంచే లోపలికి దిగింది. బనియన్ ఉన్న చోట రెండు పొరలు బట్ట ఉంది, లేని చోట ఒక్కటే. ఆ గీత చెప్పే విషయం అదే. ఒంటి మీద బట్ట ఉన్నంత మాత్రాన ఎండ ఆగదు. ఏ బట్ట ఎంత ఆపుతుందో కొనేముందే ఎలా తెలుసుకోవాలో, అతనికి కొత్త చొక్కా కుట్టించిన వరసలోనే చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. చర్మాన్ని కమిలేలా చేసేది ఎండలోని వేడి కాదు, కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ. అందుకే గాలి చల్లగా ఉన్న రోజు, పల్చటి మబ్బు పట్టిన రోజు కూడా చర్మం కమిలిపోతుంది. చెమట పట్టలేదు కాబట్టి ఎండ తగల్లేదు అనుకోకండి. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు యూవీ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది. అది 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉందంటే బట్ట గురించి ఆలోచించాల్సిన రోజే.

ముందు లేబుల్ చదవడం

ఎండ నుంచి కాపాడే బట్టలని అమ్మేవాటి మీద యూపీఎఫ్ అని, పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను వందకు కింద పెట్టి భాగిస్తే, ఆ బట్టలోంచి నూటికి ఎంత యూవీ లోపలికి వస్తుందో తెలుస్తుంది. యూపీఎఫ్ 50 అంటే నూటికి 2 వంతులు. 30 అంటే 3.3. 15 అంటే 6.7. పల్చటి తెల్ల కాటన్ టీషర్టు సుమారు 5 నుంచి 7 మధ్య ఉంటుంది. అంటే నూటికి 14 నుంచి 20 వంతుల దాకా చర్మానికి చేరుతోందన్నమాట.

దీన్ని పని గంటల్లోకి మార్చి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఒక మనిషి చర్మం నడినెత్తి ఎండలో ఏ కప్పూ లేకుండా 15 నిమిషాల్లో కందుతుందనుకుందాం. యూపీఎఫ్ 7 చొక్కా కింద అదే చర్మం 105 నిమిషాలకు, అంటే గంటా ముప్పావుకి ఆ స్థితికి వస్తుంది. మధ్యాహ్నం భోజనం లోపే అయిపోయింది. యూపీఎఫ్ 50 కింద 750 నిమిషాలు, పన్నెండున్నర గంటలు. పనిదినం మొత్తం గడిచిపోతుంది. చామనఛాయ, నల్ల చర్మాలకు ఆ మొదటి 15 నిమిషాల అంకె పెద్దదిగా ఉంటుంది. లెక్క మాత్రం అందరికీ ఇదే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 5 నుంచి 15కి వెళ్తే లోపలికొచ్చేది 20 నుంచి 6.7కి పడిపోతుంది. అది పెద్ద లాభం. 30 నుంచి 50కి వెళ్తే 3.3 నుంచి 2కి తగ్గుతుంది. అదీ లాభమే కానీ చిన్నది. కాబట్టి ఇప్పుడు వేసుకుంటున్న పల్చటి చొక్కాను మార్చడమే అసలు పని. 50 దాటాక ఇంకా ఎంత అనే టెన్షన్ అక్కర్లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ల ప్రమాణంలో కూడా 50+ అన్నదే పై మెట్టు. లేబుల్ మీద యూపీఎఫ్ 100 అనో 200 అనో రాసుంటే నాకైతే నమ్మకం పెరగదు, అనుమానం పెరుగుతుంది. యూరప్ ప్రమాణంతో వచ్చిన బట్ట మీద 40+ అని ఉంటుంది. అది తక్కువ రకమని పక్కన పెట్టకండి, వాళ్ల పద్ధతి అంతే.

లేబుల్‌తో ఒక చిక్కుంది. సాధారణంగా ఆ అంకె పొడిగా, సాగదీయకుండా ఉన్న బట్టను కొలిచి ఇచ్చినది. మీ ఒంటి మీద చొక్కా తడుస్తుంది, సాగుతుంది, అరుగుతుంది. పైగా పనికి వేసుకునే చొక్కాల్లో చాలావాటికి అసలు లేబులే ఉండదు. అందుకని చేత్తో చూసుకోవడం నేర్చుకోవాలి.

బట్టను వెలుతురుకి ఎత్తి పట్టుకోవడం

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. రంగుకీ బ్రాండ్‌కీ ముందు చూడాల్సింది సందులు.

బట్ట అంటే పడుగు, పేక దారాలు ఒకదాని మీదుగా ఒకటి దాటుకుంటూ వెళ్లిన జల్లెడ. దారానికీ దారానికీ మధ్య సందులుంటాయి. సందులోంచి వచ్చే యూవీని ఏ రంగూ, ఏ రసాయనమూ ఆపలేదు. అక్కడ ఆపడానికి ఏమీ లేదు కదా! బట్ట వైశాల్యంలో సందులు నూటికి 5 వంతులుంటే, దారాలు ఇనపవైనా సరే, ఆ బట్ట యూపీఎఫ్ 20 దాటదు. సందులు 2 వంతులుంటే 50 దాటదు. బట్టకి అదే పైకప్పు.

ఈ లెక్కను ఒక చొక్కా మీద వేసి చూద్దాం. అర్థం కావడానికి గుండ్రటి అంకెలు తీసుకుంటున్నాను. తెల్లటి పల్చటి కాటన్ చొక్కా. సందులు నూటికి 5. మిగతా 95 వంతులు దారం. తెల్లబరిచిన కాటన్ దారం కూడా యూవీని పూర్తిగా ఆపదు, అందులోంచి పదోవంతు దాటిపోతుందనుకోండి, అది 9.5. సందులోంచి 5, దారంలోంచి 9.5, మొత్తం 14.5. వందను దానితో భాగిస్తే యూపీఎఫ్ సుమారు 7.

ఇప్పుడు అదే బట్టకి ముదురు రంగు అద్దించాం. దారంలోంచి దాటేది నూరోవంతుకి పడిపోయింది, అంటే సుమారు 1. సందుల్లోంచి వచ్చే 5 మాత్రం అలాగే ఉంది. మొత్తం 6, యూపీఎఫ్ 17. మెరుగే. కానీ ఇక ఎంత ముదురు రంగు వేసినా 20 దగ్గర గోడ అడ్డం. అదే రంగులో సందులు నూటికి 1 మాత్రమే ఉన్న దట్టమైన నేత తీసుకుంటే, 1కి 1 కలిపి 2. యూపీఎఫ్ 50. నేత ముందు, రంగు తర్వాత అన్నది ఇందుకే.

మరి దుకాణంలో సందులు ఎలా చూడాలి? బట్టను ఒక్క పొరగా, లాగకుండా, కిటికీకో ట్యూబ్‌లైట్‌కో ఎదురుగా ఎత్తి పట్టుకోండి. సూది మొనలంత వెలుగు చుక్కలు వరసగా కనిపిస్తే ఆ బట్ట మనకి పనికిరాదు. చుక్కలు కనపడకుండా మొత్తం మసక వెలుగుగా ఉంటే ఫర్వాలేదు, తర్వాతి అడుగుకి వెళ్లొచ్చు. బట్ట వెనక చెయ్యి పెట్టినప్పుడు వేళ్ల అంచులు స్పష్టంగా కనిపించాయంటే పక్కన పెట్టేయండి.

నేతల విషయానికొస్తే, దట్టమైన పాప్లిన్ లాంటి సాదా నేత బాగానే పనికొస్తుంది. ట్విల్ అయితే ఇంకా మేలు. జీన్స్ బట్టలోలాగా ఏటవాలు గీతలు కనిపించే నేత అది. అందులో పేక దారం ఒకేసారి రెండు మూడు పడుగు దారాల మీదుగా దాటుతుంది కాబట్టి దారాల్ని ఇంకా దగ్గరగా కొట్టొచ్చు. జీన్స్ బట్ట సులభంగా 50 దాటుతుంది. కాకపోతే రోజంతా జీన్స్ చొక్కా వేసుకుని పని చేయమని ఎవరికీ చెప్పను, ఉడికిపోతారు. తేలికైన ట్విల్ ఉంటుంది, అది అడగండి. మల్లు గుడ్డ, జాలీ బట్ట, వదులుగా అల్లిన టీషర్టు బట్ట ఎండపనికి వద్దు. రోడ్డు పనుల్లో వేసుకునే మెరిసే రంగు జాలీ కోటు ఉంటుంది చూశారా, అది డ్రైవర్లకి మీరు కనపడటానికే. దాని కన్నాల్లోంచి ఎండ నేరుగా వస్తుంది కాబట్టి కింద సరైన చొక్కా ఉండాల్సిందే.

వెలుతురు పరీక్షకీ ఒక హద్దుంది. మన కన్ను చూసేది మామూలు వెలుగు, యూవీని కాదు. తెల్లబరిచిన కాటన్ కంటికి దట్టంగా కనిపిస్తూనే యూవీని కొంత వదిలేస్తుంది. పాలిస్టర్ పల్చగా కనిపించినా దాని దారం యూవీ-బి రకం కిరణాల్ని బాగా పీల్చుకుంటుంది. కాబట్టి ఈ పరీక్ష సందుల గురించి చెబుతుంది, దారం గురించి చెప్పదు. రెండు బట్టల్లో ఏది మేలో తేల్చుకోలేకపోతే యూవీ పూసలు కొనుక్కోండి. నీడలో తెల్లగా ఉండి, ఎండ తగిలితే రంగు తేలే ప్లాస్టిక్ పూసలివి. నిండు ఎండలో ఒక పూసను బయట పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో బట్ట కింద పెట్టి, ఒక నిమిషం తర్వాత నీడలోకి తెచ్చి వెంటనే పోల్చి చూడండి. ఆలస్యమైతే రంగు వెలిసిపోతుంది. యూపీఎఫ్ అంకె ఇంత అని పూస చెప్పదు. ఏ బట్ట కింద ఎక్కువ రంగు తేలిందో చెబుతుంది, మనకి అది చాలు.

రంగు ఎంచుకోవడం

ఎండకి తెలుపే మంచిదని అందరం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. వేడి విషయంలో ఆ మాటలో నిజం ఉంది. యూవీ విషయంలో మాత్రం ఒకే నేత, ఒకే దారం తీసుకుంటే ముదురు రంగు బట్టే గెలుస్తుంది. రంగు పదార్థం యూవీని పీల్చుకుంటుంది కాబట్టి ఎంత గాఢంగా అద్దితే అంత ఆపుతుంది. నీలం, ఎరుపు, ఆకుపచ్చ ఏదైనా కావచ్చు, లేత ఛాయ కన్నా గాఢమైన ఛాయ మేలు.

మరి వేడి? నల్ల బట్ట ఎండను ఎక్కువ పీల్చుకుని వేడెక్కుతుంది, అబద్ధం కాదు. కానీ ఆ వేడి ఒంటికి ఎంత చేరుతుందన్నది బట్ట ఒంటికి అంటుకుందా, దూరంగా ఉందా అనేదాని మీద ఆధారపడుతుంది. 1980లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఎడారిలో బెడూయిన్లు తొడుక్కునే నల్లటి వదులు అంగీ, అలాంటిదే తెల్ల అంగీ, రెండూ వేసి కొలిచారు. నల్లది పైన ఎక్కువ వేడెక్కింది గానీ, చర్మం దాకా చేరిన వేడి రెండింటిలోనూ ఒక్కటే. అదనంగా పట్టిన వేడిని మధ్యలో ఆడే గాలి మోసుకుపోయింది. అది చూసి బిగుతు నల్ల టీషర్టు వేసుకుంటే ఆ లెక్క పనిచేయదు. అక్కడ గాలి ఆడే చోటే లేదు.

పని చొక్కాకి నా ఓటు మధ్య ముదురు రంగులకి: నీలం, ఇటుక రంగు, ముదురు ఖాకీ. నేత బాగా దట్టంగా ఉంటే కాస్త లేత రంగైనా నష్టం లేదు. గాలి ఆడని చోట, గోతుల్లో పనిచేసేవాళ్లు దట్టమైన నేతలో లేత రంగు తీసుకోవడమే తెలివైన పని. వడదెబ్బ ఆ పూటే పడగొడుతుంది, దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

వదులుగా కుట్టించడం

బిగుతు చొక్కాలో రెండు నష్టాలున్నాయి. వంగినప్పుడు భుజాల దగ్గర బట్ట సాగుతుంది, సాగితే సందులు తెరుచుకుంటాయి. మనం ఎంచి ఎంచి కొన్న దట్టమైన నేత, సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉండే చోటే జల్లెడైపోతుంది. సాగే టీషర్టు బట్టలో ఇది మరీ ఎక్కువ. రెండోది చెమట. తడిసిన బట్ట ఒంటికి అతుక్కుంటుంది, గాలి ఆగిపోతుంది.

తడిసిన తెల్ల కాటన్ గురించి విడిగా చెప్పాలి. నూనె పడిన కాగితంలోంచి అవతల అక్షరాలు కనిపిస్తాయి కదా, అలాంటిదే ఇది. పోగుల మధ్య గాలి ఉన్నంతసేపు బట్ట వెలుగును చెదరగొడుతుంది. ఆ గాలి స్థానంలో నీరు చేరితే వెలుగు నేరుగా దాటిపోతుంది. యూపీఎఫ్ 7 ఉన్న తెల్ల టీషర్టు తడిస్తే 3 దగ్గరికి పడిపోవచ్చు, అంటే మూడోవంతు ఎండ లోపలికే. చల్లగా ఉంటుందని టీషర్టు తడుపుకుని వేసుకునేవాళ్లని చూశాను. వేడికి అది మంచి ఉపాయమే. చేయాలనుకుంటే మెడకి చుట్టుకునే తువ్వాలును తడపండి, లేదా ముదురు రంగు దట్టమైన చొక్కాను తడపండి. పల్చటి తెల్లది మాత్రం వద్దు.

కొలత చూసుకునే పద్ధతి ఇది. చొక్కా వేసుకుని గుండీలన్నీ పెట్టి, రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తండి. నడుం దగ్గర చర్మం బయటపడితే పొడుగు చాలదు. చేతులు మణికట్టు దాటి పైకి జరిగితే అవీ చాలవు. తర్వాత ముందుకి వంగి నేల మీద వస్తువు అందుకోండి, వెనక ఎవరినైనా నిలబెట్టి చూడమనండి. మెడ వెనక కాలర్ కిందికి జారి వెన్ను కనిపిస్తుంటే కాలర్ ఎత్తు పెంచాలి. అదే వంగిన భంగిమలో భుజం మీద బట్ట డోలు చర్మంలా బిగిసిందంటే ఒక సైజు పెంచండి. వేళ్లతో పట్టుకుంటే భుజం మీద, వీపు మీద చిన్న మడత చేతికి రావాలి.

టైలర్ దగ్గర కుట్టిస్తుంటే మూడు అడగండి. చంక కింద గాలి ఆడటానికి చిన్న కన్నాలు పెట్టమనండి, అక్కడ ఎండ తగలదు. వీపు పైభాగంలో పట్టీ కింద నుంచి గాలి దూరేలా మడత పెట్టమనండి. భుజాల మీద, వీపు పైభాగంలో బట్టను రెండు పొరలు వేయమనండి. ఒక్కో పొర ఏడోవంతు దాటనిస్తే రెండూ కలిసి సుమారు నలభై తొమ్మిదోవంతే దాటనిస్తాయి. మా కుర్రాడి బనియన్ చేసిన పని సరిగ్గా ఇదే, దానికి ఆ సంగతి తెలియకపోయినా.

వదులుకి ఒక హద్దు పెట్టుకోవాల్సిన చోటుంది. గ్రైండర్, డ్రిల్లు, కాంక్రీట్ మిక్సర్, బెల్టు తిరిగే మోటారు దగ్గర పనిచేసేవాళ్లు చేతుల చివర గుండీ పెట్టుకోవాలి, చొక్కాను ప్యాంట్‌లోకి దోపుకోవాలి, కొసలు వేలాడనివ్వకూడదు. అక్కడ మెడకి తువ్వాలు కూడా వద్దు. తిరిగే యంత్రం బట్టను పట్టుకుంటే ఎండ గురించి ఆలోచించే తీరిక ఉండదు.

చొక్కా కప్పని చోట చొక్కా ఏమీ చేయలేదు. మెడ వెనక, చెవులు, అరచేతుల వెనక భాగం. టోపీ అంచు చుట్టూ కనీసం 7.5 సెంటీమీటర్లు ఉండాలి. ముందు మాత్రమే అంచున్న క్యాప్ చెవుల్నీ మెడనీ వదిలేస్తుంది. హెల్మెట్ తప్పనిసరి అయిన చోట దానికి తగిలించే మెడ తెర దొరుకుతుంది. ఇసుక, సిమెంటు నేల కూడా యూవీని కింద నుంచి కొంత తిరగ్గొడతాయి కాబట్టి టోపీ ఒక్కటే చాలనుకోకండి.

అరుగుదల చూసుకోవడం

కొత్త కాటన్ చొక్కా మొదటి కొన్ని ఉతుకుల్లో ముడుచుకుంటుంది, సందులు మూసుకుంటాయి, రక్షణ కాస్త పెరుగుతుంది కూడా. ఆ తర్వాతే మెల్లగా దిగడం మొదలవుతుంది. ఎండకి రంగు వెలుస్తుంది, భుజాల మీద దారం అరిగి పల్చబడుతుంది. బ్లీచ్ వేస్తే రంగు ఇంకా తొందరగా పోతుంది, కాబట్టి పని చొక్కాకి బ్లీచ్ వద్దు.

ఎప్పుడు మార్చాలో చెప్పడానికి ఉతుకులు లెక్కపెట్టక్కర్లేదు. చొక్కా కింది అంచు రోజూ ప్యాంట్‌లోనే ఉంటుంది, దానికి ఎండ తగలదు. కాబట్టి అది దాదాపు కొత్త బట్టే. ఆ అంచునీ భుజాన్నీ పక్కపక్కన పెట్టి వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. కుర్రాడి పాత చొక్కాతో అలా చేసి చూపించాను. కింది అంచు మసగ్గా, ఒకే రీతిగా ఉంది. భుజం మీద బ్యాగు పట్టీ రాసుకున్న చోట చుక్కలు చుక్కలుగా వెలుగు దూసుకొస్తోంది. అతను వేలు పెట్టి చూసుకున్నాడు, గోరు ఆకారం దాకా కనపడింది.

అతనికి కుట్టించింది తేలికైన ట్విల్, ముదురు నీలం, ఒక సైజు ఎక్కువ, పొడుగు చేతులు, భుజాల మీద రెండు పొరలు, కాలర్ కాస్త ఎత్తు. లోపల బనియన్ మానేశాడు, ఉక్క తగ్గిందన్నాడు. మొదటి వారం గుండీలు పెట్టుకోవడానికి బద్ధకించి చేతులు మోచేతి దాకా మడిచేసేవాడు. టైలర్‌తో చెప్పి చేతుల చివర రెండో గుండీ పెట్టించి కాస్త వదులు చేశాక మడవడం ఆగింది. పాత చొక్కా ఇప్పుడు ఇంట్లో వేసుకుంటున్నాడు.

నెలకోసారి ఉతికి ఆరేసినప్పుడు అంచూ భుజమూ పోల్చి చూడమని చెప్పాను. రెండింటి మధ్య తేడా కంటికి తెలిసిన రోజు ఆ చొక్కా ఎండపని నుంచి దిగిపోయినట్టే.